ముప్పు 25 శాతం తగ్గిందంటే నూటికి 25 మందికి మేలు జరిగినట్టు కాదు

అపోహ: పరిశోధన పత్రంలోని కష్టమైన మాటలు తీసేసి తేలిక మాటలు పెడితే, రోగులు చదువుకునే సారాంశం సిద్ధమైనట్టే.

వాస్తవం: మాటలు ఎంత తేలికపడినా, అంకెలు పత్రంలో ఉన్నట్టే మిగిలిపోతే చదివినవారు తప్పుదారి పడతారు. తిరుపతిలో రోగుల కుటుంబాల కోసం ఇటువంటి సారాంశాలు రాసే నాకు అన్నిటికన్నా ఎక్కువగా ఎదురయ్యే చిక్కు ఇదే.

2015లో వెలువడిన స్ప్రింట్ అధ్యయనాన్ని తీసుకుందాం. గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్న, 50 ఏళ్లు, ఆపైబడిన 9,361 మందిని రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు పై బీపీ 140 లోపు, రెండో జట్టుకు 120 లోపు ఉండేలా మందులు ఇచ్చారు. గుండెపోటు, పక్షవాతం, గుండె వైఫల్యం, గుండెజబ్బుతో మరణం వంటివన్నీ కలిపి చూస్తే రెండో జట్టులో ముప్పు 25 శాతం తగ్గింది. వాట్సాప్‌లో తిరిగేది ఈ ఒక్క వాక్యమే. దాన్ని ముందూ వెనకా చూడకుండా పంపేవారిని చూస్తే నాకు విసుగు వస్తుంది.

సారాంశం చిత్తుప్రతిని చదివించి చూసేందుకు ఒక ఆసుపత్రి వరండాలో కూర్చున్నప్పుడు, చిత్తూరు వైపు నుంచి తండ్రిని తీసుకొచ్చిన ఒకాయన ఆ సందేశం చూపించి, "నూటికి 25 మంది గట్టెక్కుతుంటే మా నాయనకు ఇంకో మాత్ర ఎందుకు రాయలేదమ్మా?" అని అడిగారు. ఆ వాక్యం చదివిన ఎవరికైనా అలాగే అనిపిస్తుంది.

అదే ఫలితాన్ని నేను ఇలా రాస్తాను: "మూడేళ్లకు పైగా గమనించగా, 140 లక్ష్యంగా ఉన్న ప్రతి 1,000 మందిలో 68 మందికి, 120 లక్ష్యంగా ఉన్న ప్రతి 1,000 మందిలో 52 మందికి ఇటువంటి ప్రమాదం ఎదురైంది. అంటే వెయ్యికి 16 మందికి తప్పింది." పత్రంలోని 25 శాతం అనే అంకె, ప్రమాదం ఎప్పుడు వచ్చిందో కూడా లెక్కలోకి తీసుకున్నది కాబట్టి, 68లో 16 అనే లెక్కతో అది సరిగ్గా కలవదు.

అపోహ: దుష్ప్రభావాల అంకెలు రాస్తే రోగులు భయపడి మందు మానేస్తారు.

వాస్తవం: మూత్రపిండాలు హఠాత్తుగా తీవ్రంగా దెబ్బతినడం 140 జట్టులో వెయ్యికి 25 మందిలో, 120 జట్టులో 41 మందిలో కనిపించింది, వారిలో ఎక్కువమంది తర్వాత కోలుకున్నారు. మేలును శాతాల్లో పెద్దదిగా చూపి, కీడును "కొందరిలో" అని దాటవేయడం సరికాదు. రెండింటినీ వెయ్యి మంది లెక్కలోనే పక్కపక్కన రాయాలి.

అపోహ: ఫలితం అందరికీ వర్తిస్తుంది.

వాస్తవం: షుగరు ఉన్నవారిని, అంతకుముందు పక్షవాతం వచ్చినవారిని ఈ అధ్యయనంలో చేర్చుకోలేదు. పైన చెప్పిన పెద్దాయనకు షుగరు ఉంది. పత్రంలో ఎక్కడో పద్ధతుల భాగంలో ఉండే ఆ సంగతిని నేను సారాంశం మొదటి పేరాలోనే పెడతాను. దాని కిందే, ఈ అధ్యయనంలో మనిషిని 5 నిమిషాలు ప్రశాంతంగా కూర్చోబెట్టాక యంత్రంతో బీపీ చూశారని, హడావిడిగా చూసిన రీడింగును 120తో పోల్చుకోవద్దని రాస్తాను.