ఆకాశం కనిపించని వీధి

ఎండాకాలం రాత్రి పదకొండు గంటలప్పుడు, పగలంతా పడమటెండ కాసిన కాంక్రీటు గోడ మీద అరచెయ్యి ఆనించి చూడండి. సూర్యుడు దిగి నాలుగు గంటలైనా గోడ ఇంకా వెచ్చగానే ఉంటుంది. అదే వేళకు ఊరి బయట పొలంగట్టు చల్లబడిపోయి ఉంటుంది. నగరాన్ని ‘ఉష్ణ ద్వీపం’ అనేది ముఖ్యంగా ఈ తేడా వల్లే. పగలు నగరం ఎక్కువ కాగుతుంది కాబట్టే ఇదంతా అని మనం అనుకుంటాం గానీ, అసలు కథ పొద్దుగుంకాకే మొదలవుతుంది. పల్లె చల్లారినంత వేగంగా నగరం చల్లారలేదు.

ఈ సంగతిని తొలిసారి అంకెలతో చూపించింది ల్యూక్ హోవర్డ్. లండన్‌లో మందులు తయారుచేసే వ్యాపారి. మేఘాలకు క్యుములస్, స్ట్రాటస్ వంటి పేర్లు పెట్టింది కూడా ఈయనే. నగరం బయట తాను తీసిన కొలతలను, నగరం మధ్యలో రాయల్ సొసైటీ తీసిన కొలతలతో ఏళ్ల తరబడి పోల్చి 1818-20లో పుస్తకంగా వేశాడు. రాత్రిపూట నగరం సగటున 3.7 ఫారన్‌హీట్ డిగ్రీలు, అంటే సుమారు 2 సెల్సియస్ డిగ్రీలు ఎక్కువ వెచ్చగా ఉందన్నాడు. మరి పగలో? 0.34 ఫారన్‌హీట్ డిగ్రీలు చల్లగా! ఈ రెండో అంకెను ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నాకు మాత్రం మొదటిదానికన్నా అదే ఎక్కువ చెబుతున్నట్టు అనిపిస్తుంది.

పగలు పొలం మీద పడే ఎండలో చాలా భాగం నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. ఒక లీటరు నీళ్లు ఆవిరి కావడానికి పట్టే వేడి, అవే నీళ్లను 20 డిగ్రీల నుంచి మరిగేదాకా కాచడానికి పట్టే వేడికి దాదాపు ఏడు రెట్లు. తారు రోడ్డు మీద ఆవిరి కావడానికి నీళ్లేవీ? వచ్చిన వేడిలో కొంత గాలికి పోతుంది, మిగతాది రోడ్డులోకి, గోడల్లోకి ఇంకుతుంది. రాత్రికి బయటికి రావాల్సింది అదే.

నేల రాత్రిపూట తన వేడిని కంటికి కనబడని పరారుణ కిరణాలుగా పైకి పంపుతుంది. మబ్బులేని రాత్రి ఆకాశం గాలికన్నా చాలా చల్లన, అందుకే ఆ కిరణాలకు అది మంచి దారి. పొలంలో నిలబడితే నెత్తిమీద ఆకాశమంతా కనిపిస్తుంది. ఇప్పుడు 20 మీటర్ల వెడల్పున్న పొడవాటి వీధిని ఊహించుకోండి. ఇరువైపులా 10 మీటర్ల ఇళ్లుంటే, వీధి మధ్యలో నేల పంపే వేడిలో సుమారు 70 శాతానికి ఆకాశం దొరుకుతుంది. ఇళ్లు 20 మీటర్లకు పెరిగితే 45 శాతం. 40 మీటర్లయితే పావు వంతే. మిగిలిన కిరణాలు ఎదుటి గోడకు తగులుతాయి, ఆ గోడ తిరిగి నేలకు పంపుతుంది. వేడి వీధిలోనే చేతులు మారుతూ తిరుగుతుంటుంది.

టిమోతీ ఓక్ అనే కెనడా వాతావరణ శాస్త్రవేత్త 1981లో దీన్ని సూత్రంగా రాశాడు. నగరం నడిబొడ్డులో ఇళ్ల ఎత్తును వీధి వెడల్పుతో భాగిస్తే చాలు, ఆ నగరంలో వచ్చే అత్యధిక తేడా అంచనాకు అందుతుంది. రెండూ సమానమైతే సుమారు 7.5 డిగ్రీలు. ఇది సగటు కాదు సుమా! గాలి కదలని, మబ్బులేని రాత్రి కనిపించే గరిష్ఠం. పైగా సమశీతోష్ణ ప్రాంతాల నగరాల కొలతల నుంచి వచ్చింది, అన్ని చోట్లా అలాగే పనిచేయదు.

తేడా నిజంగా ఇలాగే వస్తోందా అన్నది కొలతల్లోనే తెలుస్తుంది. పొద్దుగుంకేటప్పుడు రెండు చోట్లా 34 డిగ్రీలున్నాయనుకుందాం. పది గంటలకు పొలం 27కు దిగుతుంది, వీధి 31 దగ్గరే ఆగుతుంది. ఆ తర్వాత పొలం చల్లబడే వేగం తగ్గుతుంది, వీధి మెల్లగా దిగుతూనే ఉంటుంది. తెల్లవారేసరికి తేడా కొంత తగ్గుతుంది. గట్టి గాలి వీచిన రాత్రి ఈ తేడా దాదాపు కనిపించకుండా పోతుంది.

ఉపగ్రహ చిత్రాల్లో ఎర్రగా మండే నగరాన్ని చూసి ‘గాలి 50 డిగ్రీలు’ అనుకోవడం తరచూ జరిగే పొరపాటు. అవి చూపేది కప్పుల, రోడ్ల ఉపరితలాన్ని, మనం పీల్చే గాలిని కాదు.

ఇప్పుడు హోవర్డ్ రెండో అంకె దగ్గరికి వద్దాం. ఇరుకు వీధిలో నేలదాకా ఎండ దిగేది కాసేపే. పగలు అక్కడ నడిచేవాడికి హాయి, రాత్రి అక్కడే పడుకునేవాడికి ఉక్క. గుబురుగా అల్లుకున్న చెట్లదీ కొంత ఇదే తీరు. మధ్యాహ్నం ఎండను ఆపే ఆకులే, రాత్రి ఆకాశానికీ కొంత అడ్డొస్తాయి. కాకపోతే ఆకు గోడలా వేడిని దాచుకోదు.