ముందర మాత్రం రాని జుట్టు

తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు సమర్పించిన మూడు నెలలకు, చిత్తూరు దగ్గరి పల్లెకు చెందిన అరవై ఏళ్ల ఒకావిడ కూతురిని వెంటబెట్టుకుని తిరుపతిలో నా దగ్గరికి వచ్చారు. తలంతా మూడు సెంటీమీటర్ల మేర జుట్టు ఒత్తుగానే మొలిచింది. నుదుటి పైన మాత్రం, ఒక కణత నుంచి మరో కణత దాకా పట్టీ కట్టినట్టుగా, దాదాపు రెండు వేళ్ల వెడల్పున చర్మం నున్నగా మెరుస్తోంది. "గుండు చేయిస్తే ఒత్తుగా వస్తాదన్నారు డాక్టరమ్మా. ఎనకాలంతా వచ్చిండాది, ముందర మాత్రం రాలేదు" అన్నారు. కనుబొమ్మలు ఉండవలసిన చోట కూతురు దిద్దిన సన్నని కాటుక గీతలు ఉన్నాయి. కనుబొమ్మలు మూడేళ్ల కిందటే పల్చబడి పోయాయనీ, వయసుతో పాటు వచ్చిన మార్పేనని ఎవరూ పట్టించుకోలేదనీ కూతురు చెప్పింది.

ఆ జుట్టు గుండుతో పోయినది కాదు, అంతకు ముందే పోయింది. పొడుగు జుట్టు ఉన్నన్నాళ్లూ దాన్ని ముందుకు దువ్వి జడ వేయడం వల్ల కనబడలేదు. కూతురి పెళ్లినాటి ఫొటో ఫోన్‌లో తీసి చూస్తే, పాపిట మొదట్లో పెట్టుకున్న కుంకుమ నొసటి బొట్టుకు ఎంత దగ్గరగా ఉందో తెలిసింది. ఇప్పుడు పాపిట మొదలయ్యే చోటు చాలా వెనక్కి జరిగింది.

ఈ జబ్బు పేరు ఫ్రాంటల్ ఫైబ్రోసింగ్ అలోపీషియా. సిడ్నీకి చెందిన చర్మవైద్యుడు స్టీవెన్ కొసార్డ్ 1994లో, ముట్లుడిగిన ఆరుగురు స్త్రీలలో దీన్ని గమనించి మొదటిసారి వివరించారు. ఆ తర్వాత ఇది అనేక దేశాలలో, కొద్దిమంది చిన్న వయసు స్త్రీలలోనూ పురుషులలోనూ కూడా కనబడింది. అయినా ఎక్కువగా వచ్చేది ముట్లు ఆగిన స్త్రీలకే.

గుండు చేయించుకున్న తర్వాత జుట్టు మళ్లీ ఎందుకు వస్తుందో తెలిస్తే, ఇక్కడ ఎందుకు రాలేదో అర్థమవుతుంది. మంగలికత్తి కోసేది చర్మం పైకి వచ్చిన వెంట్రుకను మాత్రమే. చర్మం లోపల వెంట్రుక కుదురు చెక్కుచెదరకుండా ఉంటుంది. ఆ కుదురు పైభాగంలో, జిడ్డునూనె ఊరే గ్రంథికి కాస్త కిందుగా, చిన్న ఉబ్బు ఒకటి ఉంటుంది. అక్కడ ఉండే మూలకణాలే వరి విత్తనాల వంటివి. వెంట్రుక తన ఆయుష్షు తీరి రాలిన ప్రతిసారీ కుదురు కింది భాగం కుంచించుకుపోయి, ఈ మూలకణాల నుంచి మళ్లీ కొత్తగా తయారవుతుంది. ఈ జబ్బులో లింఫోసైట్లనే రక్షణ కణాలు సరిగ్గా ఆ ఉబ్బు చుట్టూనే గుమిగూడి వాపు పుట్టిస్తాయి. మూలకణాలు నశిస్తాయి, నూనె గ్రంథి కరిగిపోతుంది, కుదురు ఉన్న చోట పీచులాంటి మచ్చ మిగులుతుంది. పేనుకొరుకుడులో వాపు కుదురు అడుగున ఉంటుంది, మూలకణాలు క్షేమంగా ఉంటాయి, కాబట్టే అందులో పోయిన జుట్టు చాలాసార్లు తిరిగి మొలుస్తుంది. ఈ జబ్బులో మచ్చపడిన కుదురును బతికించే మందు ఇప్పటిదాకా లేదు.

రక్షణ కణాలు ఇలా ఎందుకు తిరగబడతాయో పూర్తిగా తేలలేదు. వంశపారంపర్యంగా వచ్చే కొన్ని జన్యువుల పాత్ర ఉంది, హార్మోన్ల పాత్ర ఉందనే అనుమానం బలంగా ఉంది. ముఖానికి రాసే సన్‌స్క్రీన్‌ల మీద కూడా అనుమానం వ్యక్తమైంది గానీ, అవే కారణమని రుజువు కాలేదు.

మన దగ్గర దీన్ని గుర్తించడంలో రెండు పొరపాట్లు తరచుగా జరుగుతాయి. మొదటిది, జడ బిగించి వేయడం వల్ల ఊడిందనుకోవడం. జడ బిగువు వల్ల ఊడినప్పుడు నుదుటి అంచున సన్నని నూగు వెంట్రుకల వరుస మిగిలి ఉంటుంది, ఈ జబ్బులో ముందుగా పోయేదే ఆ నూగు. రెండవది, నుదుటి మీదా చెంపల మీదా బూడిద రంగు నలుపు వచ్చినప్పుడు మంగు అనుకుని రంగు తేలిక చేసే క్రీములు రాయడం. చామనఛాయ చర్మంలో ఈ జబ్బుతో పాటు అదే జాతి వాపు ముఖం మీద నలుపుగా కనిపించవచ్చు. పుస్తకాలలో చూపే ఎరుపు మన చర్మం మీద స్పష్టంగా కనబడదు కూడా. కనుబొమ్మలు ఊడడానికి థైరాయిడ్ లోపం, కుష్ఠు వంటి ఇతర కారణాలు కూడా ఉన్నాయి గనుక వాటిని కూడా చూసుకోవాలి.

ఈమెను కనుబొమ్మలు పైకెత్తమన్నాను. నుదుటి ముడతలు ఒక చోటికి వచ్చి ఆగిపోయాయి. ఆ పైన ముడత పడని నున్నని పట్టీ ఒకప్పుడు తలలో భాగమే. ఆ పట్టీ మధ్యలో అక్కడక్కడా ఒంటరిగా నాలుగైదు వెంట్రుకలు మిగిలాయి, ఇది ఈ జబ్బుకు గట్టి గుర్తు. భూతద్దం లాంటి డెర్మోస్కోప్‌తో అంచు దగ్గర చూస్తే వెంట్రుకల మొదళ్ల చుట్టూ తెల్లని పొట్టు కనబడింది, నున్నని చోట రంధ్రాలే లేవు. జబ్బు ఇంకా చురుగ్గా నడుస్తోందని చెప్పేది ఆ పొట్టు, ఆమె చెప్పిన దురద. సందేహం ఉంటే చర్మం ముక్క తీసి పరీక్షకు పంపాలి. ఆ ముక్కను కూడా ఈ అంచు నుంచే తీయాలి, నున్నని చోటి నుంచి తీస్తే మచ్చ తప్ప ఏమీ దొరకదు.

తర్వాత టేపు తీసి, బొట్టు పెట్టుకునే చోటు నుంచి జుట్టు మొదలయ్యే గీత దాకా కొలిచాను. 9 సెంటీమీటర్లు వచ్చింది. ముడతలు ఆగిన చోటు 6 దగ్గర ఉంది, అంటే 3 సెంటీమీటర్లు పోయింది. ఈ గీత సాధారణంగా నెలకు ఒక మిల్లీమీటరు అటూ ఇటూగా వెనక్కి జరుగుతుంది. అద్దంలో రోజూ చూసుకునే మనిషికి అది తెలియదు, టేపుకు తెలుస్తుంది.

చికిత్సలో ఆమెకు ఇచ్చినవి రెండు. అంచు వెంబడి మూడు నెలలకొకసారి, వాపు తగ్గించే స్టెరాయిడ్ మందు ట్రయామ్సినలోన్ సూదులు వేశాను. మందు ఎక్కువైతే చర్మం గుంటపడుతుంది గనుక పలుచన చేసి వేయాలి. ముట్లుడిగిన స్త్రీ కాబట్టి, మగ హార్మోన్ ప్రభావాన్ని తగ్గించే డ్యూటాస్టెరైడ్ మాత్రలు కూడా ఇచ్చాను. కడుపులో పెరిగే మగబిడ్డకు హాని చేసే మందు గనుక గర్భం వచ్చే వయసువారికి దీన్ని ఇవ్వము. ఇవి చాలకపోతే రక్షణ కణాల దూకుడు తగ్గించే హైడ్రాక్సీక్లోరోక్విన్ ఉంది, అది వాడుతున్నంత కాలం కంటిపరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. వీటిలో దేనికీ, మందు వాడినవారినీ వాడనివారినీ పోల్చి చూసే పెద్ద పెద్ద పరీక్షల బలం లేదు. పైగా కొందరిలో జబ్బు దానంతట అదే ఆగిపోతుంది, అందుకే ఆగినదంతా మందు వల్లనే అనడానికి నేను వెనకాడతాను. అయినా ఏ రోజు ఆగుతుందో తెలియని మంటను చూస్తూ కూర్చోవడం కన్నా, ఇంకా బతికి ఉన్న కుదుళ్లను కాపాడే ప్రయత్నం చేయడమే న్యాయమని నా నమ్మకం.

ఆరు నెలలకు కొలత 9.3 వచ్చింది. తల్లీకూతుళ్ల ముఖాలు వాడిపోయాయి. ఇంకా జరిగింది కదా అన్నారు. మందు పని చేయడానికి నెలలు పడుతుందనీ, అంతకు ముందే వాపు సోకిన కుదుళ్లు రాలిపోక తప్పదనీ చెప్పాను. ఏడాదికి 9.4. ఏడాదిన్నరకూ 9.4 దగ్గరే నిలిచింది. దురద పోయింది, పొట్టు పోయింది. ఈ జబ్బులో చికిత్స ఫలించిందని చెప్పేది ఈ మారని అంకెలే. కనుబొమ్మలలో మచ్చపడని కుదుళ్లు కొన్ని ఉంటాయి గనుక, తొలిరోజుల్లోనే సూదులు వేస్తే కొందరికి కొంత మొలుస్తుంది. ఈమెకు కుడివైపు లోపలి అంచున నాలుగు వెంట్రుకలు వచ్చాయి, అంతే.

కూతురు జుట్టు నాటించే ఆపరేషన్ గురించి అడిగింది. వెనక నుంచి తెచ్చి నాటిన కుదుళ్ల మీదా ఈ వాపు దాడి చేయగలదు. మొదట బాగా మొలిచిన జుట్టు కొన్నేళ్లకు పల్చబడిపోయిన సందర్భాలు ఉన్నాయి. కనీసం రెండేళ్లు జబ్బు కదలకుండా ఉంటేనే ఆ మాట ఆలోచిస్తామని, అప్పుడు కూడా హామీ ఇవ్వలేమని చెప్పాను.

వెళ్లేముందు ఆమె ఒక్కటే అడిగారు, వచ్చే ఏడాది మళ్లీ తలనీలాలు ఇవ్వవచ్చునా అని. నిరభ్యంతరంగా ఇవ్వవచ్చునన్నాను. కత్తి ఈ జబ్బు ఉండే లోతుకు పోదు. కాకపోతే గుండు చేయించుకుంటే జుట్టు మొదలయ్యే గీత కొన్ని వారాలు సరిగ్గా కనబడదు గనుక, కొండకు వెళ్లే ముందు ఒకసారి వచ్చి కొలిపించుకుని వెళ్లమన్నాను.