పళ్ళెం ఆటలో ఫస్టు, తీసివేతల్లో తప్పు: ఏకాగ్రత ఆటల మీద అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో మా ఇంటి ముందు గదిలో ట్యూషన్ చెబుతాను. తొమ్మిది మంది పిల్లలు, మూడు నుంచి ఆరో తరగతి దాకా. వాళ్ళలో ముగ్గురిని వాళ్ళ అమ్మానాన్నలు "మావోడికి బుర్ర నిలవదు మేస్టారూ" అంటూ తెచ్చి అప్పగించారు. వీళ్ళ కోసమే జ్ఞాపకశక్తి ఆటలు మొదలుపెట్టాను. మొదట్లో నేను నమ్మినవాటిలో సగం తప్పని తర్వాత తెలిసింది.

అపోహ: జ్ఞాపకశక్తి ఆటలు ఆడిస్తే జ్ఞాపకశక్తి పెరుగుతుంది, చదువు దానంతటదే వస్తుంది.

నాలుగో తరగతి బాబు ఒకడి సంగతి చెబుతాను. పళ్ళెం ఆట మీకు తెలిసే ఉంటుంది. పళ్ళెంలో ఆరు వస్తువులు పెట్టి, అర నిమిషం చూడనిచ్చి, తువ్వాలు కప్పేసి, ఏమేం ఉన్నాయో చెప్పమనాలి. మా పళ్ళెంలో చింతపిక్క, జీడిపిక్క, తాళం చెవి, బస్ టికెట్, గాజు, పైడితల్లి జాతరలో కొన్న బొంగరం ఉంటాయి. వాడు మొదటి వారం ఆరింటిలో మూడు చెప్పాడు. ఆరు వారాలు రోజూ ఆడించాక పది వస్తువులు పెడితే తొమ్మిది చెబుతున్నాడు. నేను మురిసిపోయాను. అప్పుడు వాళ్ళమ్మ అడిగింది: "ఆట బాగానే ఆడతన్నాడు మేస్టారూ, మరి లెక్కలేటి ఇంకా తప్పులే?"

నిజమే. 503 లోంచి 268 తీసేయమంటే 245 అని వేశాడు. ఒకట్ల స్థానంలో 3 చాలదు, పక్కన సున్నా, కాబట్టి వందల దగ్గర అప్పు తేవాలి. అక్కడిదాకా సరిగ్గానే చేశాడు. 5 నాలుగైంది, సున్నా పదైంది. ఆ పదిలోంచి ఒకటి ఒకట్లకు ఇచ్చాక అక్కడ తొమ్మిదే మిగలాలి. ఆ ఒక్క సంగతి మరిచిపోయి పదిలోంచే 6 తీసేశాడు. 235 రావాల్సిన చోట 245 వచ్చింది.

అయితే పళ్ళెంలో వాడికి పెరిగిందేమిటి? అడిగితే చెప్పాడు: "తాళం చెవి పట్టుకుని, బస్సెక్కి, జాతరకెళ్ళి బొంగరం కొన్నాను." వస్తువుల్ని కథగా అల్లుకోవడం నేర్చుకున్నాడు. మంచి ఉపాయమే. కానీ అది వస్తువుల జాబితాకి పనికొచ్చే ఉపాయం, తీసివేతల్లో దానికి పని లేదు. మనసులో ఒక అంకె పట్టుకుని ఉండగానే ఇంకో పని చెయ్యడం వేరే పని. దాన్ని వర్కింగ్ మెమరీ అంటారు. దీన్ని పెంచుతామనే శిక్షణల మీద వచ్చిన పరిశోధనలు కూడా ఇంచుమించు ఇదే చెబుతున్నాయి: ఆడిన ఆటలోనూ, దానిలాంటి ఆటల్లోనూ మెరుగవుతారు గానీ లెక్కల్లోకీ, చదవడంలోకీ ఆ మెరుగు పెద్దగా చేరదు. మెదడు ఆటల యాప్ లుమోసిటీ, తన ఆటలతో బడిలోనూ ఉద్యోగంలోనూ రాణిస్తారని ప్రచారం చేసుకుంది. అది మోసపూరిత ప్రచారమని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపిస్తే, 2016లో 20 లక్షల డాలర్లు కట్టి రాజీ పడింది.

మరి నేను ఆటలు మానేశానా అంటే, లేదు. వాటిని వేరే పనికి వాడుతున్నాను. పిల్లవాడు ఎక్కడ జారిపోతున్నాడో ఆటలో తెలుస్తుంది.

సెకనుకి ఒక అంకె చొప్పున చెబుతాను, తిరిగి చెప్పమంటాను. 7, 2, 9, 4 అన్నాను, ఆ బాబు టకటకా చెప్పేశాడు. ఇప్పుడు వెనక నుంచి చెప్పమన్నాను. రెండంకెలకి సరే. 6, 1, 8 అంటే "8... 6..." దగ్గర ఆగి పైకప్పు చూశాడు. అంటే విన్నాడు, పట్టుకున్నాడు, కానీ పట్టుకున్నదాన్ని తిప్పబోయేసరికి జారిపోయింది. ఇంకో పాప ఉంది. ఆమె మొదటి అంకె దగ్గరే "ఏటి మేస్టారూ?" అంటుంది. ఆమె అసలు వినలేదు. బయట నుంచి చూస్తే ఇద్దరూ "పరధ్యానమే". మందు మాత్రం ఒకటి కాదు. పాపకి పేరు పిలిచి, కళ్ళు కలిశాకే మాట మొదలుపెట్టాలి. బాబుకి మోసే బరువు తగ్గించాలి. ఒక్కరోజు చూసి తేల్చకండి, నిద్ర చాలని రోజు ఎవరైనా తడబడతారు. ఇది జబ్బు తేల్చే పరీక్ష కూడా కాదు.

బరువు తగ్గించడమంటే ఇలా. "పుస్తకం తీసి, తేదీ వేసి, 42వ పేజీలో మూడో లెక్క చెయ్యి" అనడం మానేసి, ఒక్కో మాటే చెప్పి, వాడితో తిరిగి చెప్పించి, అది అయ్యాకే రెండోది. తీసివేతల్లో ప్రతి అప్పూ పైన కాగితం మీదకి రావాల్సిందే: సున్నా కొట్టేసి పది, పది కొట్టేసి తొమ్మిది. ఆటని కూడా లెక్కలోకే తెచ్చాను. ఆ లెక్క మెట్లని ఐదు చీటీల మీద రాసి కలిపేస్తాను, వాడు వరసలో పేర్చాలి. రెండు వారాల్లో "పది కొట్టేసి తొమ్మిది" చీటీ దానంతటదే చేతికొచ్చింది. నాలుగు లెక్కల్లో మూడు సరిగ్గా వస్తున్నాయి. మాటలతో ఇచ్చే లెక్కల్లో మాత్రం ఇంకా అంతంత మాత్రమే.

అపోహ: ఫోన్‌లో గంటసేపు కదలకుండా గేమ్ ఆడతాడు, అంటే ఏకాగ్రత ఉంది, చదువంటేనే బద్ధకం.

ఫోన్ గేమ్ ప్రతి రెండు మూడు సెకన్లకీ మెరుపో, చప్పుడో, పాయింటో ఇస్తుంది. అక్కడ ధ్యాస నిలపడం వాడి పని కాదు, గేమ్ పని. లెక్క ఒప్పో తప్పో తెలియాలంటే నేను పుస్తకం దిద్దేదాకా పది నిమిషాలు ఆగాలి. ఈ పిల్లలకి ఆ ఆగడమే కష్టం. అందుకే వాళ్ళవి ప్రతి లెక్కకీ వెంటనే టిక్కు పెడతాను. దానికే నా సాయంత్రం సగం పోతుంది.

అపోహ: "కదిలితే ఔట్" ఆటలు ఏకాగ్రతకి మంచివి.

ఇది నేను చేసిన తప్పే. స్టాచ్యూ ఆడించాను. ఏ ఇద్దరి కోసం పెట్టానో ఆ ఇద్దరే మొదటి నిమిషంలో ఔటై, మిగతా పది నిమిషాలు గోడకి ఆనుకుని ఒకళ్ళనొకళ్ళు గిల్లుకున్నారు. సాధన అంతా అవసరం లేనివాళ్ళకి దక్కింది. ఇప్పుడు ఔట్ లేదు, కదిలితే ఒక చింతపిక్క డబ్బాలో వేసి మళ్ళీ నిలబడాలి. పళ్ళెం ఆట కూడా తొమ్మిది మందికీ కలిపి కాదు, ఇద్దరిద్దరికి. వంతు కోసం ఎనిమిది మందిని కాచుకోమంటే ఆట మొదలవకముందే సగం గొడవ.

అపోహ: పరధ్యానం చూసి ఏడీహెచ్‌డీ అని టీచరే చెప్పేయొచ్చు.

చెప్పకూడదు. ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం లాంటి దీని లక్షణాలు పన్నెండేళ్ళ లోపే మొదలై ఉండాలి, కనీసం ఆరు నెలలు ఉండాలి, ఇంట్లోనూ బడిలోనూ రెండు చోట్లా కనిపించాలి. అది డాక్టర్ తేల్చాలి. చూపు, వినికిడి ముందు చూపించమంటాను. బడులకి వచ్చే ఆర్.బి.ఎస్.కె. ఆరోగ్య బృందం పరీక్షించే సమస్యల్లో ఏడీహెచ్‌డీ కూడా ఉందని చాలామంది తల్లిదండ్రులకి తెలియదు. అల్లరి చేయకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చునే ఆడపిల్లల్ని అయితే ఎవరూ అనుమానించరు.

అపోహ: ముందు కుదురుగా కూర్చోవడం నేర్పాలి.

మా బాబు కాలు ఊపుతూ, మెట్లన్నీ పైకి గొణుక్కుంటూ చేస్తేనే లెక్క సరిగ్గా వస్తోంది. నోరు మూయించి చేయించి చూశాను, మళ్ళీ 245 వచ్చింది. ఆ గొణుగుడు పక్కవాళ్ళకి ఇబ్బందని వాడిని గుమ్మం దగ్గరకి మార్చాను. ఇప్పుడు రోడ్డు మీద పోయే ప్రతి ఆటో వైపూ చూస్తున్నాడు. మొహం గోడ వైపు తిప్పి పీట వేశాను.