నది కాలమైతే, నీళ్లు ఏం చేయాలి? కొన్ని అపోహలు, వాస్తవాలు

కవితలు రాస్తూ, ఇతరుల కవితలు దిద్దుతూ గడిపిన ఇన్నేళ్లలో నా దగ్గరకు ఎక్కువగా వచ్చింది నది. అది కాలంగానో జీవితంగానో వస్తుంది. అందులో నేను రాసినవీ ఉన్నాయి. ఒకప్పటి నా చిత్తుప్రతి ఇది:

కాలం ఒక నది
జీవితం ఒక పడవ
కన్నీటి కెరటాల మీద
ఆశల తెడ్డు వేస్తూ
మరణసముద్రం వైపు

అపోహ: నదిని కాలంతో పోల్చడం అరిగిపోయింది, ఇక రాయకూడదు.

అరిగిపోయింది పోలిక కాదు, దాన్ని ముందే ప్రకటించే వాక్యం. ‘కాలం ఒక నది’ అనగానే పాఠకుడికి కనుక్కోవడానికి ఏమీ మిగలదు. మన విమర్శలో దీన్ని వాచ్యం చేయడం అంటాం. ఆ ఒక్క పాదం కొట్టేసి చూడండి, మిగతా కవిత నిలబడుతుందో లేదో వెంటనే తెలుస్తుంది. నాది నిలబడలేదు.

అపోహ: నదిలోని ప్రతి భాగానికీ జీవితంలో ఒక అర్థం అంటగట్టాలి.

ఇది సావయవ రూపకం పద్ధతి. భర్తృహరి వైరాగ్య శతకంలో ఆశ ఒక నది. కోరికలు నీళ్లు, తృష్ణ అలలు, రాగాలు మొసళ్లు, మోహం సుడిగుండం, చింతలు ఎత్తైన గట్లు. అక్కడ ఇది గొప్పగా పనిచేస్తుంది, ఎందుకంటే ఆయన ఆశ స్వరూపాన్ని ఒక్కచోట నిలిపి చూపిస్తున్నాడు. కానీ గడిచిపోవడమే విషయమైనప్పుడు ఈ లెక్క అడ్డం వస్తుంది. ఇది దానికి సమానం, అది దీనికి సమానం అని రాసుకుంటూ పోతే నది కదలడం మానేస్తుంది.

పైగా అర్థాలు అంటగట్టే తొందరలో అసలు నదిని మరిచిపోతాం. ప్రవాహంతో పాటు కొట్టుకుపోయే పడవలో ఉన్నవాడికి చుట్టూ ఉన్న నీళ్లు వెనక్కి పోవు, అతనితోనే వస్తాయి. వెనక్కి పోయేవి గట్లు. తెడ్డు వేస్తే నీటికంటే ముందుకు పోతాడు. అంటే నా చిత్తుప్రతిలోని మనిషి కాలాన్ని దాటి, చావు వైపు ఆత్రంగా పరుగెడుతున్నాడు! నేను చెప్పదలచుకున్నది అది కానే కాదు. గట్టు మీద నిలబడ్డవాడికి నీళ్లు పోతాయి, పడవలో ఉన్నవాడికి లోకం పోతుంది. చూసేవాడు ఎక్కడున్నాడో తేల్చుకోకుండా మొదటి పాదం రాయకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

అపోహ: నీటి పదాలు ఎంత ఎక్కువైతే భావచిత్రం అంత చిక్కబడుతుంది.

మంచు, వాన, కన్నీరు, కెరటం అన్నీ తెచ్చి పోస్తే వచ్చేది చిక్కదనం కాదు, పలచదనం. భావచిత్రం మళ్లీ వచ్చినప్పుడు ఏదో ఒకటి మారి ఉండాలి: నీటి పరిమాణమో, అది ఉన్న చోటో, దాన్ని పట్టుకున్న చేయో. పడవను వదిలేసి, గట్టునే ఎంచుకుని, చాలా కాలానికి నేను తిరిగి రాసుకున్నది ఇదీ:

మోకాటి లోతు నీళ్లలో నిలబడి
అమ్మ దోసిలితో నా ముఖం కడిగింది

చీలమండ తడిసే నీళ్లలో
నేను బిందె వాల్చి నింపుతుంటే
అమ్మ గట్టున కూర్చుంది

ఇసుకలో చెలమ తవ్వి
ఊరేదాకా కూర్చున్నాను
దోసిలి నిండింది
వేళ్ల సందుల్లోంచి మళ్లీ ఇసుకలోకి

ఇందులో కాలం అన్న మాట లేదు. నీటి మట్టమే ఆ పని చేస్తుంది: మోకాలు, చీలమండ, ఆ తర్వాత ఇసుక అడుగు. నీళ్లు తగ్గేకొద్దీ అమ్మ కూడా నదిలోంచి గట్టుకి, గట్టు మీంచి కవిత బయటికి జరిగింది. కూర్చోవడం రెండుసార్లు వస్తుంది. మొదట అమ్మ, తర్వాత నేను. దోసిలి కూడా రెండుసార్లే. మధ్యలో బిందె రాకపోతే రెండో దోసిలికి ఈ బరువు ఉండదు, ఎందుకంటే పాఠకుడు మొదటిదాన్ని కొంచెం మరిచిపోవాలి. మరిచిపోయింది తిరిగి వచ్చినప్పుడే పునరావృతికి బలం.

మీ కవితలో ఇది పరీక్షించాలంటే నీటికి సంబంధించిన ప్రతి మాట కింద గీత గీయండి. ముందుదానికీ దీనికీ ఏం మారిందో పక్కన రాయండి. రాయడానికి ఏమీ దొరకని చోట ఉన్నది అలంకారం మాత్రమే, తీసేయవచ్చు. నా చిత్తుప్రతిలో కన్నీరు అలాగే పోయింది.

అపోహ: నది కవిత సముద్రంలోనే ముగియాలి.

సముద్రం అనగానే మరణం అని పాఠకుడు ముందే ఊహిస్తాడు. పైనున్న నది సముద్రం దాకా పోదు, ఇంకిపోతుంది. మొదట చివరి పాదంగా ‘ఇప్పుడు అమ్మ లేదు’ అని రాశాను. చాలా రోజులు దాన్ని తీసేయడానికి మనసొప్పలేదు. అది నిజం కాబట్టి ఉండాలనుకున్నాను. కానీ ఆ పాదం ఉన్నంతసేపూ వేళ్ల సందుల్లోంచి కారే నీళ్లను ఎవరూ చూడలేదు. కవిత విన్న ఇద్దరు స్నేహితులూ నన్ను ఓదార్చారు. తీసేశాక అందులో ఒకరు తన రెండు చేతుల వైపు చూసుకున్నారు.