జెన్ 3 అంటే జెన్ 1 కన్నా కొత్తదేనా? ఫోన్ ప్రాసెసర్ పేర్ల మీద అపోహలు - వాస్తవాలు

నాది ఫోన్లు బాగుచేసే చిన్న షాపు. ఫోన్లు అమ్మను కానీ, కొనేముందు సలహా కోసం వచ్చేవాళ్లు చాలామందే ఉంటారు. మొన్నొక కుర్రాడు రెండు ఫోన్ల ఫొటోలు చూపించి, "అన్నా, దీంట్లో జెన్ 3 ఉంది, దాంట్లో జెన్ 1 ఉంది. రేటు దాదాపు ఒకటే. జెన్ 3నే తీసుకోవాలి కదా?" అన్నాడు. ఒకటి స్నాప్‌డ్రాగన్ 6s జెన్ 3, ఇంకోటి స్నాప్‌డ్రాగన్ 6 జెన్ 1. వాడి ప్రశ్నలో తప్పేం లేదు, ఆ పేర్లు పెట్టిన తీరే అలా ఉంది.

అపోహ: జెన్ నంబర్ పెద్దదైతే చిప్ కొత్తది, వేగమైనది.

వాస్తవం: స్నాప్‌డ్రాగన్ పేరులో ముందు చూడాల్సింది జెన్ కాదు, దానికి ముందున్న అంకె. 8 అంటే ఫ్లాగ్‌షిప్, 7, 6 అంటే మిడ్‌రేంజ్, 4 అంటే ఎంట్రీ లెవెల్. అంకె పక్కన s ఉంటే ఆ తరగతిలో ఒక మెట్టు కింద, + ఉంటే ఒక మెట్టు పైన. జెన్ అనేది ఆ వరుసలో ఎన్నో తరమో చెబుతుందని అనుకుంటాం. ఎక్కువసార్లు చెబుతుంది కూడా. కానీ 6s జెన్ 3 దగ్గర అది మోసం చేస్తుంది.

అసలు సంగతి తెలియాలంటే చిప్ మోడల్ నంబర్ చూడాలి. స్నాప్‌డ్రాగన్ చిప్‌లకు SM తర్వాత నాలుగంకెలు ఉంటాయి. మొదటి అంకె తరగతి. రెండో అంకె కాలాన్ని పట్టిస్తుంది. ఫ్లాగ్‌షిప్‌ల వరుస చూస్తే ఇది అర్థమవుతుంది: స్నాప్‌డ్రాగన్ 888 నంబర్ SM8350, 8 జెన్ 1 నంబర్ SM8450, 8 జెన్ 2 నంబర్ SM8550, 8 జెన్ 3 నంబర్ SM8650. రెండో అంకె 3, 4, 5, 6 అని పెరుగుతూ పోయింది.

ఇప్పుడు ఆ కుర్రాడి ఫోన్లు చూద్దాం. 6 జెన్ 1 నంబర్ SM6450. 6s జెన్ 3 నంబర్ SM6375. రెండో అంకె 3, అంటే 888 నాటి కాలం. నిజంగానే అది 2021లో వచ్చిన స్నాప్‌డ్రాగన్ 695 చిప్పే, దాని నంబరూ SM6375యే. వేగం కొంచెం పెంచి 2024లో కొత్త పేరుతో వదిలారు. 695లో పెద్ద కోర్లు 2.2 గిగాహెర్ట్జ్‌తో నడిస్తే, ఇందులో 2.3తో నడుస్తాయి. లోపల మాత్రం బరువు పనులు చేసే అవే రెండు పెద్ద A78 కోర్లు, తేలికపాటి పనులకు ఆరు చిన్న A55 కోర్లు, అదే Adreno 619 గ్రాఫిక్స్. 6 జెన్ 1లో A78లు నాలుగు, A55లు నాలుగు. తేడా వీడియోలోనూ కనిపిస్తుంది. 695 చిప్ 4K వీడియో తీయలేదు, 1080p దగ్గరే ఆగిపోతుంది. 6s జెన్ 3 కూడా అంతే. 6 జెన్ 1 అయితే 4K తీస్తుంది, ఫోన్ కంపెనీ ఆ ఆప్షన్ ఇస్తేనే అనుకోండి.

మోడల్ నంబర్ చూడటం కష్టమేం కాదు. చేతిలో ఉన్న ఫోన్ అయితే CPU-Z లాంటి ఉచిత యాప్ వేస్తే కోర్ల పేర్లు, వాటి వేగం, గ్రాఫిక్స్ పేరు వచ్చేస్తాయి. కంప్యూటర్‌కి కలపడం అలవాటున్నవాళ్లు ఆండ్రాయిడ్ 12 నుంచి ఇలా అడగొచ్చు:

```
adb shell getprop ro.soc.model
```

ఇంకా కొనని ఫోన్ అయితే చిప్ పేరు పక్కన SM6375 లాంటి నంబర్ కలిపి నెట్‌లో వెతికితే చాలు.

అపోహ: ఆక్టాకోర్ అంటే శక్తిమంతమైన ఫోన్.

వాస్తవం: ఆక్టాకోర్ అంటే ఎనిమిది కోర్లు, అంతే. ఇప్పుడు ఎంట్రీ లెవెల్ ఫోన్లలోనూ దాదాపు అన్నింటికీ ఎనిమిదే ఉంటాయి. ఎన్ని అని కాదు, ఎలాంటివి అని అడగాలి. ఎనిమిది మంది పనివాళ్లున్నారంటే సరిపోదు, అందులో మేస్త్రీలెందరో చూడాలి.

నేను వాడే కొలత ఇది. A55లే ఉన్నా, రెండు A75 లేదా A76లకు ఆరు A55లు తోడైనా ఎంట్రీ లెవెల్. నాలుగు A78లు, లేదా వాటి తర్వాత వచ్చిన A715, A720 రకం కోర్లు నాలుగు ఉంటే గట్టి మిడ్‌రేంజ్. X అక్షరంతో మొదలయ్యే కోర్ (X2, X4 లాంటివి) ఒక్కటున్నా ఫ్లాగ్‌షిప్ వైపు నడిచినట్టే. స్నాప్‌డ్రాగన్ 8 ఎలైట్‌లో మాత్రం ఈ పేర్లేవీ కనిపించవు. అందులో స్నాప్‌డ్రాగన్ కంపెనీ క్వాల్‌కామ్ సొంతంగా తయారుచేసుకున్న ఓరియాన్ కోర్లుంటాయి.

ఈ కొలతకు ఒక లాభం ఉంది. స్నాప్‌డ్రాగన్ 7+ జెన్ 2 పేరు చూస్తే మిడ్‌రేంజ్ అనిపిస్తుంది, కానీ లోపల 2.91 గిగాహెర్ట్జ్ X2 కోర్ ఉంది. పేరు 7, పని 8కి దగ్గర. అదే 7s జెన్ 2 చూడండి, నాలుగు A78లు, నాలుగు A55లు, Adreno 710. అంటే 6 జెన్ 1కే కొంచెం వేగం పెంచిన చిప్. + కి, s కి మధ్య ఇంత దూరం ఉంటుందని బయట రాసిన పేరు చూసి ఎవరనుకుంటారు?

అపోహ: గిగాహెర్ట్జ్ ఎక్కువుంటే వేగం ఎక్కువ.

వాస్తవం: ఒకే రకం కోర్ల మధ్య పోల్చినప్పుడు మాత్రమే ఇది నిజం. మరో చిప్ కంపెనీ మీడియాటెక్ పాత హీలియో P35లో A53 కోర్లు 2.3 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తాయి. 6 జెన్ 1లో A78 కోర్లు 2.2 దగ్గరే ఆగుతాయి. అయినా రెండోదాని ముందు మొదటిది నిలవదు, ఒక్కో చుట్టులో A78 చేసే పని చాలా ఎక్కువ.

అపోహ: డైమెన్సిటీ 6020 పెద్ద నంబర్, కాబట్టి డైమెన్సిటీ 1200 కన్నా మెరుగు.

వాస్తవం: మీడియాటెక్ మధ్యలో నంబర్ల పద్ధతి మార్చింది. పాత పద్ధతిలో 700, 810, 1080, 1200 అని ఉండేవి. కొత్త పద్ధతిలో మొదటి అంకె తరగతి: 9 ఫ్లాగ్‌షిప్, 8 దాని కింది మెట్టు, 7 మిడ్‌రేంజ్, 6 ఎంట్రీ లెవెల్ 5G. డైమెన్సిటీ 700నే 6020గా, 1080నే 7050గా పేరు మార్చారు. అందుకే పాత నంబర్‌ని, కొత్త నంబర్‌ని పక్కపక్కన పెట్టి చూడకూడదు. 1200లో నాలుగు A78లుంటే 6020లో రెండు A76లే. హీలియో పేరుంటే ఆ ఫోన్ 4G వరకే.

అపోహ: 4 నానోమీటర్ అంటే మంచి చిప్.

వాస్తవం: స్నాప్‌డ్రాగన్ 4 జెన్ 2 కూడా 4 నానోమీటరే, అయినా 6 నానోమీటర్ల స్నాప్‌డ్రాగన్ 778G దానికన్నా వేగమైనది. ఎవరు తయారుచేశారన్నదీ లెక్కే. 8 జెన్ 1, 8+ జెన్ 1 రెండూ 4 నానోమీటర్లే. మొదటిది శాంసంగ్‌లో, రెండోది టీఎస్ఎంసీలో తయారయ్యాయి, రెండోదానికి కరెంటు తక్కువ పడుతుంది.

ఇంత చెప్పాక కూడా చిప్ ఒక్కటే చూసి తేల్చడానికి లేదు. అదే చిప్‌తో ఒక ఫోన్‌లో నెమ్మదైన eMMC స్టోరేజ్, ఇంకోదాంట్లో వేగమైన UFS ఉండొచ్చు. యాప్‌లు ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు, గ్యాలరీ తెరిచేటప్పుడు ఆ తేడా కోర్ల తేడా కన్నా ముందు కనిపిస్తుంది.

ఇదంతా విని ఆ కుర్రాడు, "ఫోన్ నాక్కాదన్నా, మా అమ్మకి. యూట్యూబ్, వాట్సాప్, పిల్లలతో వీడియో కాల్, అంతే" అన్నాడు. ఆ పనికి SM6375 కూడా చాలు. రెండింటిలో ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్నదేదో చూసి అది తీసుకోమని పంపించాను.