కొన్న మర్నాటి సందేహం ఎక్కడ మొదలవుతుంది?

హనుమకొండలో ఒక డిగ్రీ కళాశాలలో పాఠాలు చెప్పే మా అక్క దగ్గర పాత ల్యాప్‌టాప్ ఒకటి ఉండేది. 4 జీబీ ర్యామ్, లోపల గిర్రున తిరిగే హార్డ్ డిస్కు. పొద్దున బటన్ నొక్కి, పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగేలోపు తెర వెలిగితే అదృష్టమే. రెండేళ్లు అలాగే వాడింది, కొత్తది కొనాలన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు. ఆ ఆలోచన వచ్చినది, పరీక్షల మార్కులు ఎక్కించే రోజున పక్క కుర్చీలోని సహోద్యోగిని తన ల్యాప్‌టాప్ మూత ఎత్తగానే పని మొదలుపెట్టడం చూసినప్పుడు.

కొనుగోలు నిర్ణయంలో మొదటి దశ అయిన అవసరం గుర్తింపు ఇలాగే జరుగుతుంది. మన దగ్గర ఉన్న స్థితికీ, ఉండాలనుకునే స్థితికీ మధ్య ఎడం ఒక హద్దు దాటినప్పుడే అవసరం తెలిసివస్తుంది. వస్తువు పాడైతే ఉన్న స్థితి కిందికి దిగుతుంది. అక్క విషయంలో ఉన్న స్థితి ఎక్కడిదక్కడే ఉంది, ఉండాలనుకునే స్థితి మాత్రం ఒక్క మధ్యాహ్నంలో పైకి లేచింది. ప్రకటనలు ఎక్కువగా ఈ రెండో వైపే పనిచేస్తాయి.

ఆలోచన అనేది ఒక ఇబ్బంది తగలడంతో మొదలై ఐదు మెట్లలో సాగుతుందని అమెరికా తత్వవేత్త జాన్ డ్యూయీ 1910లో రాశాడు. 1968లో ఎంగెల్, కొల్లాట్, బ్లాక్‌వెల్ అనే ముగ్గురు వినియోగదారుల ప్రవర్తనకు ఒక నమూనా గీశారు. అవసరం గుర్తింపు, సమాచార అన్వేషణ, ప్రత్యామ్నాయాల మూల్యాంకనం, కొనుగోలు, కొన్న తరువాతి ప్రవర్తన అని ఇప్పుడు కామర్స్ విద్యార్థులు చదువుకునే ఐదు దశలు ఆ దారిలో వచ్చినవే. సబ్బో ఉప్పో కొనేవాళ్లు ఈ మెట్లన్నీ ఎక్కరు, చెయ్యి అలవాటుగా అందుకుంటుంది. ల్యాప్‌టాప్ లాంటి, ఖరీదైన, ఏళ్లకొకసారి కొనే వస్తువు విషయంలో మాత్రం ఐదూ కనబడతాయి, కాకపోతే వరుస తప్పి, వెనక్కీ ముందుకీ నడుస్తూ.

అన్వేషణ ముందు జ్ఞాపకంలో జరుగుతుంది. మా బావ ల్యాప్‌టాప్ మూత కీలు రెండేళ్లకే విరిగిన సంగతి గుర్తుండడంతో ఆ కంపెనీ అక్క జాబితాలోకి అడుగే పెట్టలేదు. తరువాత రివ్యూ వీడియోలు, దుకాణాలు, కంప్యూటర్ సైన్స్ విభాగంలో పాఠాలు చెప్పే మిత్రురాలు. ఇంత సమాచారం పోగుపడ్డాక మనసు చేసే మొదటి పని పోల్చడం కాదు, కొట్టివేయడం. 65,000 రూపాయలు దాటినవి వద్దు, 16 జీబీ ర్యామ్ లేనివి వద్దు, ఊళ్లో సర్వీస్ సెంటర్ లేనివి వద్దు. ఒక్కొక్క లక్షణాన్ని పట్టుకుని, దానికి సరిపడని వాటిని ఒక్క వేటుతో తీసేసే ఈ పద్ధతిని మనస్తత్వవేత్త ఏమోస్ ట్వెర్స్కీ 1972లో వివరించాడు. అమ్మకపు సైట్లలో ఎడమ పక్కన ఉండే ఫిల్టర్లు ఆ పద్ధతికి తయారుచేసిన పనిముట్లే. ఇందులో శ్రమ తక్కువ, పొరపాటుకు చోటు ఎక్కువ. 65,490 రూపాయల ల్యాప్‌టాప్ మిగతా అన్నిటిలో మెరుగైనదైనా సరే, ఆ 490 రూపాయల కోసం కంటికి కనబడకుండానే పోతుంది.

కొట్టివేత ముగిసేసరికి రెండు మిగిలాయి. మొదటిది 56,990 రూపాయలు, 1.7 కిలోల బరువు, సర్వీస్ సెంటర్ ఇంటికి దగ్గర. రెండోది 62,990 రూపాయలు, 1.3 కిలోలు, బ్యాటరీ కొంచెం మెరుగు, సర్వీస్ సెంటర్ ఊరి చివర. ఇక్కడ పద్ధతి మారుతుంది. ఇంతవరకు ఒక లోపం ఉంటే వేటు పడేది, ఇప్పుడు ఒకదానిలోని లోపాన్ని మరొకదానిలోని గుణంతో సరిపెట్టుకోవాలి. అక్క లెక్క తెలిసిన మనిషి కనుక కాగితం తీసింది. ధరకు 4, బరువుకు 3, బ్యాటరీకి 2, సర్వీసుకు 1 అని ప్రాధాన్యాలు వేసి, ఒక్కొక్క ల్యాప్‌టాప్‌కు పదికి మార్కులు ఇచ్చింది. మొదటిదానికి వరుసగా 8, 5, 6, 9. రెండోదానికి 6, 9, 7, 5. ప్రాధాన్యంతో హెచ్చవేసి కూడితే మొదటిది 68, రెండోది 70.

రెండు మార్కుల తేడాతో రెండోది గెలిచింది. అయితే ధర ప్రాధాన్యాన్ని 5 చేసి, బరువును 2కు దించి చూడండి, మొదటిది 71 అవుతుంది, రెండోది 67కు పడిపోతుంది. ఫలితం ఆధారపడినది ల్యాప్‌టాప్‌ల మీద కాదు, ఆ సాయంత్రం అక్క భుజం ఎంత నొప్పిగా ఉందన్నదాని మీద. కొన్న తరువాత వచ్చే సందేహానికి విత్తనం పడేది ఇక్కడేనని నా అభిప్రాయం. కొట్టివేతలో పోయిన వాటి గురించి ఎవరూ బాధపడరు, చివరి రెండింటిలో వదిలేసినదే తరువాత కలలోకి వస్తుంది.

నిర్ణయం అయినంత మాత్రాన కొనుగోలు అయినట్టు కాదు. దుకాణంలో బావ మొదటిదానివైపు మొగ్గాడు. సేల్స్ కుర్రవాడు రెండోదానికి నో కాస్ట్ ఈఎంఐ ఉందన్నాడు. అందులో వడ్డీకి సమానమైన మొత్తాన్ని ముందే తగ్గింపుగా ఇస్తారు కానీ, బ్యాంకు వేసే ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం కొనేవాళ్లే కట్టుకోవాలి. ఆ సంగతి బిల్లు వచ్చాక తెలిసింది. మొత్తానికి రెండోదే ఇంటికి వచ్చింది.

మర్నాటి నుంచి అక్క ఫోనులో మొదటి ల్యాప్‌టాప్ ధర చూడడం మొదలుపెట్టింది. ఆరు వేలు ఎక్కువ పెట్టానా, సర్వీస్ సెంటర్ అంత దూరమైతే ఎలా అని అడిగేది. కొత్త ల్యాప్‌టాప్‌లో లోపమేమీ లేదు. అసంతృప్తికీ, ఈ సందేహానికీ తేడా అదే. తెర మినుకుమినుకుమంటే, బ్యాటరీ చెప్పినంతసేపు రాకపోతే అది అసంతృప్తి, వస్తువు గురించిన ఫిర్యాదు. సందేహం నిర్ణయం గురించినది. ఏది ఏదో తేల్చుకోవడానికి నేను వాడే ప్రశ్న ఒకటుంది: ఆ వదిలేసిన ల్యాప్‌టాప్ అసలు మార్కెట్లోనే లేకపోతే ఈ బాధ ఉండేదా? ఉండదంటే అది సందేహమే, దుకాణానికి తిరిగి వెళ్లి లాభం లేదు.

1957లో మనస్తత్వవేత్త లియోన్ ఫెస్టింగర్ ఈ ఇబ్బందిని కాగ్నిటివ్ డిసొనెన్స్ సిద్ధాంతంతో వివరించాడు. వదిలేసినదానిలోని మంచి, ఎంచుకున్నదానిలోని చెడు రెండూ మన ఎంపికతో పొసగవు, ఆ పొసగనితనాన్ని తగ్గించుకోవడానికి మనసు దారులు వెతుకుతుంది. అంతకు ముందు ఏడాదే జాక్ బ్రెహ్మ్ దీన్ని ప్రయోగంలో చూపాడు. విద్యార్థినుల చేత టోస్టర్ లాంటి 8 వస్తువులకు మార్కులు వేయించి, వాటిలో రెండింటిని చూపి ఒకటి ఎంచుకోమని, తరువాత మళ్లీ మార్కులు వేయమన్నాడు. ఎంచుకున్నదాని విలువ పెరిగింది, వదిలినదాని విలువ తగ్గింది. ఆ రెండింటికీ మొదట దగ్గరి మార్కులు పడి ఉంటే ఈ మార్పు మరింత ఎక్కువ. ఎంపిక మనదే కావడం కూడా ముఖ్యం. అదే ల్యాప్‌టాప్‌ను కళాశాల ఇచ్చి ఉంటే అక్క సర్వీస్ సెంటర్ దూరాన్ని తిట్టుకునేదే కానీ, నిద్ర పోగొట్టుకునేది కాదు.

1957లోనే కొత్తగా కారు కొన్నవాళ్ల మీద జరిగిన ఒక పరిశోధనలో, వాళ్లు తాము కొన్న కారు ప్రకటనలనే ఎక్కువగా చదువుతున్నట్టు తేలింది. వదిలేసిన కార్ల ప్రకటనలకు దూరంగా జరుగుతారని ఊహించారు కానీ, అది మాత్రం కనబడలేదు. అక్క ఫోనే దీనికి సాక్ష్యం. తన ల్యాప్‌టాప్‌ను మెచ్చుకునే వీడియోలు చూసేది, మధ్యలో మొదటిదాని ధర కూడా చూసేది.

మూడో వారంలో కళాశాలలో ఇంకొక అధ్యాపకురాలు, ఏ ల్యాప్‌టాప్ కొంటే బాగుంటుందని అక్కను అడిగింది. "బరువు చూసుకో అమ్మా, మొయ్యాల్సింది మనమే కదా, మిగతావన్నీ తరువాత," అంది అక్క. మూడు వారాల కింద కాగితం మీద ధరకు 4, బరువుకు 3 వేసిన చెయ్యి ఆమెదే.