మూడు ఉగాదులు, ఒక నెలవంక

మా వీధి చివర టైలర్ భాయ్‌కి నెలవంక వ్యాపార సమస్య కూడా. రంజాన్ ఇరవై తొమ్మిదో సాయంత్రం కనపడితే మర్నాడే పండగ, కుట్టాల్సిన బట్టలకి ఒక రోజు తగ్గిపోతుంది. మొన్న కొలతలివ్వడానికి వెళ్తే అడిగాడు. "సార్, రెండేళ్లూ మీ ఉగాది సాయంత్రమే చూశాం. 2024లో కనపడలేదు, 2025లో కనపడింది. మేడ అదే, కళ్ళు అవే. మరి తేడా ఏంటి?"

మంచి ప్రశ్న. జవాబు ఆయన ప్రశ్నలోనే, అంటే మన పంచాంగంలోనే ఉంది.

సూర్యుడి నుంచి చంద్రుడు పన్నెండు డిగ్రీలు జరిగితే ఒక తిథి. బళ్ళో తిథుల పేర్లు వల్లె వేయించారు గానీ అవి కోణాలని ఒక్కరూ చెప్పలేదు! సున్నా నుంచి పన్నెండు డిగ్రీల దాకా పాడ్యమి, ఆ తర్వాత విదియ. ఖగోళ శాస్త్రం ఎలాంగేషన్ అనే దూరానికి ఇది దాదాపు సమానం. చంద్రుడు సూర్యుడి దారికి కాస్త ఉత్తరానికో దక్షిణానికో ఉంటాడు కాబట్టి అసలు దూరం కొంచెం ఎక్కువుంటుంది, అంతే.

ఇప్పుడు చంద్రుడి వయసు సంగతి, అంటే అమావాస్య ముగిసి ఎన్ని గంటలైందని. "ఇరవై గంటలు నిండితే కనపడుతుంది" లాంటి మాటలు తరచూ వింటాం. వాటిని నమ్మకూడదని పంచాంగమే చెబుతుంది, ఎందుకంటే పాడ్యమి అన్ని నెలల్లో ఒకేలా సాగదు. చంద్రుడు భూమికి దగ్గరగా ఉన్నప్పుడు జోరుగా నడిచి ఇరవై గంటల్లో పన్నెండు డిగ్రీలు దాటేస్తాడు. దూరంగా ఉన్నప్పుడు అదే ఇరవై గంటల్లో తొమ్మిది డిగ్రీలు నడవడమే గొప్ప. గడియారం చూపేది వయసు, కంటికి కావలసింది సూర్యుడి నుంచి దూరం.

దూరానికి అంత విలువ దేనికంటే, వంక మందం దాని వర్గాన్ని బట్టి పెరుగుతుంది. దూరం రెట్టింపైతే మందం నాలుగింతలు. దూరం సుమారు ఏడు డిగ్రీలకి తగ్గితే వంక కంటికి ఏర్పడనే ఏర్పడదని ఫ్రెంచి శాస్త్రవేత్త డాంజాన్ 1930లలో తేల్చాడు.

లెక్కలోకి వద్దాం. 2024లో అమావాస్య ఏప్రిల్ 8 రాత్రి 11.51కి ముగిసింది. ఉగాది నాడు, అంటే 9న, విశాఖలో సూర్యాస్తమయం సుమారు 6.12కి. చంద్రుడి వయసు పద్దెనిమిది గంటల పైచిలుకు, దూరం పదిన్నర డిగ్రీల పైన. ఇంకా పాడ్యమే. 2025లో అమావాస్య మార్చి 29 సాయంత్రం 4.28కి ముగిసింది. మర్నాడు ఉగాది, ఆ మధ్యాహ్నమే విదియ వచ్చేసింది. సాయంత్రానికి దూరం పదిహేను డిగ్రీలు. పదిన్నరకీ పదిహేనుకీ తేడా చిన్నదే అనిపిస్తుంది, కానీ వంక మందం రెండింతలైంది.

ఇక ఎత్తు. పొద్దు గుంకేసరికి 2024లో చంద్రుడు దిగంతం మీద తొమ్మిది డిగ్రీలలోపే, చెయ్యి చాచితే ఒక పిడికిలి కన్నా తక్కువ. 2025లో సుమారు పదమూడు. అయితే పొద్దు గుంకగానే ఆకాశం వెలుగు తగ్గదు, కాసేపు ఆగాలి. ఆగితే చంద్రుడు దిగిపోతాడు. యాలప్ అనే ఆయన 1997లో ఇచ్చిన లెక్క ప్రకారం, సూర్యాస్తమయానికీ చంద్రాస్తమయానికీ మధ్య కాలంలో తొమ్మిదింట నాలుగు వంతులు గడిచాక చూడటం ఉత్తమం. 2024లో అది సుమారు పందొమ్మిది నిమిషాలు, అప్పటికి చంద్రుడు అయిదు డిగ్రీలకి జారాడు. సన్నటి వంకకి ఎక్కువ ఎత్తు కావాలి, లావుదానికి తక్కువ చాలు. యాలప్ సూత్రం సారాంశం ఈ బేరమే. దాని ప్రకారం 2024 సాయంత్రం "ఆకాశం నిర్మలంగా ఉంటేనే" తరగతి, 2025 "సులువుగా" తరగతి.

మన ఊరికి ఇంకో చిక్కుంది. సముద్రం తూర్పున. బీచ్ రోడ్డులో నెలవంక చూడాలంటే సముద్రానికి వీపు పెట్టాలి. ఎదురుగా మేడలు, కొండలు, పొగమంచు, ఆ అయిదు డిగ్రీలు వాటికే సరి. కేరళ తీరానికి పడమర అంతా నీళ్ళే, పైగా అక్కడ పొద్దు ఇరవై అయిదు నిమిషాలు ఆలస్యంగా గుంకుతుంది. 2024 ఉగాది సాయంత్రం అక్కడ కనపడిందని ప్రకటించి 10న పండగ చేసుకున్నారు, మనకి 11న అయింది. ఇందులో ఎవరి తప్పూ లేదు, ఆ చంద్రుడు గట్టు మీద ఉన్నాడు.

అన్నట్టు, సూర్య సిద్ధాంతం చంద్ర దర్శనానికి పన్నెండు కాలాంశలు కావాలంటుంది. అంటే రెండు ఘడియలు, నలభై ఎనిమిది నిమిషాల తేడా. 2024లో మనకి నలభై అయిదు నిమిషాలు కూడా లేదు, 2025లో గంట దగ్గర. పాత కొలబద్ద రెండేళ్లూ తప్పలేదు. ఆ మాట చెప్పిన అధ్యాయమే వంక కొమ్ముల ఎత్తు కూడా లెక్క కట్టడం నేర్పుతుంది. ఆ కొమ్ముని బట్టి ధాన్యం ధరలు చెప్పేవాళ్ళని చూస్తే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. కొమ్ము వాలు మన అక్షాంశాన్నీ, ఋతువునీ చెబుతుంది, బజారుని కాదు.

భాయ్ ఇదంతా కత్తెర ఆపకుండా విన్నాడు. "వచ్చే ఏడు కూడా ఇరవై తొమ్మిదో రోజు మీ ఉగాదే కదా సార్?"

అవును, 2026 మార్చి 19. ఆ ఉదయం 6.53కి గానీ అమావాస్య పోదు. సాయంత్రానికి వయసు పదకొండు గంటలు, దూరం ఆరున్నర డిగ్రీలు. డాంజాన్ హద్దుకి లోపలే.

"మేడ ఎక్కక్కర్లేదు" అన్నాను.

పుస్తకం తీసి, పండగ బట్టల డెలివరీ 20వ తేదీ అని రాసుకున్నాడు.